సరుకు కదిలిన రోజే ఎంట్రీ: ధర్మాబాద్ గోదాములో కొత్త నియమం, ప్రాజెక్టు డైరీ

పని మొదలు: ఏది పట్టుకోవాలి

నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ గోదాము. దానికి కొంచెం దూరంలో అదే యజమానిది చిల్లర కౌంటర్. రెండింటికీ జీఎస్టీ నంబరు ఒకటే. నూనె డబ్బాలు, చక్కెర, పప్పులు, సబ్బుల పెట్టెలు లారీల్లో గోదాముకి దిగుతాయి. అక్కడి నుంచి ఉమ్రి, బిలోలి వైపు దుకాణాలకీ, రాష్ట్ర సరిహద్దు దాటి తెలంగాణలోని బాసర, ముధోల్ వైపుకీ వెళ్తాయి. పనివాళ్లలో తెలుగువాళ్లున్నారు, మరాఠీవాళ్లున్నారు. మాట్లాడేటప్పుడు రెండు భాషలూ కలిసే నడుస్తాయి.

సరుకు ఏ రోజు కదిలితే ఆ రోజే లెక్కకెక్కాలన్న నియమం తేవడం ఈ ప్రాజెక్టు. దాని గురించి గోదాము మేనేజరు పనివాళ్లందరికీ ఒక ఈమెయిల్ పంపాలి. పైకి ఒక్క వాక్యంతో తేలిపోయే పనిలా ఉంటుంది. ఆ వాక్యం గేటు దగ్గర నిలబడదు. లోపలికి వచ్చే సరుకు రాసే ఆవక్, బయటికి వెళ్లేది రాసే జావక్ రిజిస్టర్లు ముందు పెట్టుకుని, కంప్యూటర్‌లో ఎంట్రీలు పక్కన పెట్టుకుని చూస్తే ఆలస్యం ఎక్కడ పుడుతోందో తెలిసింది. లారీ దిగుమతి ఆలస్యం కావడం లేదు, ఎందుకంటే సరుకు పంపినవాడి బిల్లు చేతిలో ఉంటుంది, డ్రైవరు సంతకం కోసం నిలబడి ఉంటాడు. అమ్మకం కూడా ఆలస్యం కావడం లేదు, బిల్లు లేకుండా కొనేవాడు ఊరుకోడు. ఆలస్యమంతా ఎవరూ కాగితం అడగని కదలికల్లో ఉంది: గోదాము నుంచి సొంత కౌంటర్‌కి పోయేది, మంచి సరుకు పేర్చిన థప్పీ నుంచి డ్యామేజ్ మూలకి పోయేది, దుకాణం నుంచి తిరిగొచ్చేది. ఈ మూడింటిలో మొదటిదే ఎక్కువ నష్టం చేస్తుంది. అందుకే ఈ డైరీలో ఎక్కువ చోటు దానికే.

లెక్క తప్పే తీరు: ఇరవై నాలుగు డబ్బాల ఉదాహరణ

నియమం ఎందుకో పనివాళ్లకి చెప్పడానికి ఒక ఉదాహరణ అంకెలతో సహా తయారుచేశాం. మధ్యలో ఈ నూనెకి వేరే కదలికలేవీ లేవనుకుందాం.

సోమవారం పొద్దున గోదాములో 15 కిలోల నూనె డబ్బాలు 210 ఉన్నాయి. కంప్యూటర్‌లో కూడా 210. కౌంటర్‌లో 30, అక్కడా లెక్క సరే. సాయంత్రం కౌంటర్ నుంచి ఫోన్ వచ్చింది, ఒక ఆటోలో 24 డబ్బాలు వెళ్లాయి. చీటీ రాయలేదు, "రేపు ఎంట్రీ చేద్దాం" అనుకున్నారు. ఇప్పుడు గోదాములో నిజంగా ఉన్నవి 186, కంప్యూటర్ ఇంకా 210 అంటోంది.

మంగళవారం పొద్దున గోదాములో నూనె లెక్కపెట్టారు. 186 తేలాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో `Ctrl+F7` నొక్కి `Physical Stock` వోచర్‌లో 186 వేశారు. ఈ వోచర్ పని ఏమిటంటే, ఆ తేదీకి ఆ గోదాములో ఆ సరుకు నిల్వ ఇంతే అని ఖాయం చేస్తుంది. తేడా ఎందుకొచ్చిందో అది అడగదు. 24 డబ్బాలు తక్కువ అని కాగితం మీద పడింది, హమాలీల మీద అనుమానం మొదలైంది.

బుధవారం కౌంటర్‌లో పనిచేసే మనిషి ఆ 24 డబ్బాల సంగతి గుర్తుచేశాడు. ఎంట్రీ చేసేవాళ్లు `Alt+F7` తో `Stock Journal` తెరిచి, గోదాము నుంచి 24 తీసి కౌంటర్‌కి 24 కలిపారు. తేదీ మాత్రం బుధవారమే ఉండిపోయింది. తప్పు ఇక్కడే జరిగింది. మంగళవారం లెక్కలోనే ఆ 24 డబ్బాలు తగ్గాయి, బుధవారం ఎంట్రీతో ఇంకోసారి తగ్గాయి. కంప్యూటర్‌లో గోదాము నిల్వ 162. నేల మీద 186.

గురువారం బాసర దుకాణదారు 170 డబ్బాలు అడిగాడనుకోండి. స్క్రీన్ మీద 162 చూసినవాడు "అంత సరుకు లేదు" అంటాడు, లేదా పై నుంచి అవసరం లేని నూనె తెప్పిస్తాడు. ఎదురుగా 186 డబ్బాలు థప్పీలో ఉంటాయి.

దీనికన్నా చెడ్డది తర్వాతి లెక్కలో జరుగుతుంది. మళ్లీ లెక్కపెడితే 186 తేలుతుంది, పుస్తకంలో 162, అంటే 24 "ఎక్కువ". ఇంకో `Physical Stock` వోచర్ వేసి 186 చేసేస్తారు. ఇప్పుడు అంకె సరిపోయింది. ఒక తగ్గుదల, ఒక పెరుగుదల, రెండూ ఒకదాన్నొకటి మింగేశాయి. అసలు డబ్బా ఒక్కటి కూడా పోలేదన్న సంగతి ఎవరికీ తెలియదు. మొదట అనుమానపడ్డ హమాలీ మీద మాత్రం ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది. నియమం తేవడానికి ఈ ఒక్క కారణం చాలు.

మంగళవారం కౌంటర్‌లో కూడా లెక్కపెట్టి 54 వేసి ఉంటే ఇంకో చిక్కు. అప్పుడు బుధవారం ఎంట్రీ కౌంటర్‌ని 78 చేస్తుంది, గోదాముని 162 చేస్తుంది. రెండూ కలిపితే 240. మొదట 210, 30 కలిపినా 240. యజమాని మొత్తం నిల్వ రిపోర్టు ఒక్కటే చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే చోటు వారీగా చూడనిదే ఈ తప్పు దొరకదు.

సరిచేసే దారి ఒక్కటే. ఆ `Stock Journal` తెరిచి తేదీని సోమవారానికి మార్చాలి. అప్పుడు సోమవారం రాత్రికే పుస్తకంలో 186 అవుతుంది, మంగళవారం లెక్కలో తేడా సున్నా అవుతుంది. కొత్త ఎంట్రీలు వేసి తేడాని పూడ్చడం సరిచేయడం కిందకి రాదు.

నియమం మాట ఎలా ఉండాలి

ఈ ఉదాహరణ నుంచి రెండు సంగతులు తేలాయి, మెయిల్ మొత్తం వాటి మీదే నిలబడింది. ఒకటి, ఎంట్రీ తేదీ అంటే సరుకు కదిలిన తేదీ, కంప్యూటర్ ముందు కూర్చున్న తేదీ కాదు. రెండు, కంప్యూటర్ ఎంట్రీ కొన్ని గంటలు ఆగొచ్చు, చేతి చీటీ మాత్రం సరుకు కన్నా ముందు పుట్టాలి. కరెంటు పోయినా, నెట్ రాకపోయినా చీటీ ఆగదు. "ఆ రోజే" అన్న మాటకి సాకులు రాకుండా ఉండాలంటే దాన్ని చీటీతో కట్టాలి.

ఇంకో మాట మెయిల్‌లో విడిగా రాయాల్సి వచ్చింది. అమ్మిన సరుకుకి "ఆ రోజు సాయంత్రంలోగా" అన్న వెసులుబాటు లేదు. సీజీఎస్టీ చట్టం 31వ సెక్షన్ ప్రకారం సరుకు బయటికి తీసే ముందో, తీసే సమయానికో బిల్లు తయారై ఉండాలి. సరిహద్దు దాటి తెలంగాణలోకి వెళ్లే సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే బండి కదలక ముందే ఈ-వే బిల్లు కూడా ఉండాలి. కాబట్టి సాయంత్రం గడువు అన్నది సొంత కదలికలకి, దిగుమతులకి, వాపసులకి, డ్యామేజ్‌కి మాత్రమే. ఈ తేడా రాయకపోతే జావక్ దగ్గరి మనిషి కొత్త నియమాన్ని చూపించి బిల్లు కూడా సాయంత్రానికి వాయిదా వేస్తాడు, మంచి ఉద్దేశంతోనే.

పంపిన మెయిల్

విషయం: సరుకు కదిలిన రోజే రాయాలి, వచ్చే సోమవారం నుంచి

గోదాము, కౌంటర్ సిబ్బంది అందరికీ నమస్కారం.

వచ్చే సోమవారం పొద్దున గేటు తెరిచినప్పటి నుంచి మన దగ్గర ఏ సరుకు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి కదిలినా, ఆ కదలిక అదే రోజు లెక్కలోకి రావాలి. చోటు అంటే ఐదు: గోదాము, కౌంటర్, డ్యామేజ్ మూల, వాపసు వచ్చిన సరుకు పెట్టే గీత లోపలి చోటు, మన ఆవరణ బయట. గోదాము లోపలే ఒక థప్పీ నుంచి ఇంకో థప్పీకి మార్చితే చీటీ అక్కర్లేదు.

సరుకు ఎత్తే ముందు చీటీ రాయండి. చీటీ పుస్తకాలు మూడు ఇస్తున్నాం, ఒకటి గేటు దగ్గర, ఒకటి గోదాము లోపల, ఒకటి కౌంటర్‌లో. ప్రతి చీటీకి నంబరు అచ్చు వేసి ఉంది, మూడు కాపీలు వస్తాయి. తెల్లది ఎంట్రీ బల్ల మీది పెట్టెలో వేయాలి, గులాబీది సరుకుతో పాటు పోవాలి, పసుపుది పుస్తకంలోనే ఉండాలి. చీటీలో తేదీ, టైము, ఎక్కడి నుంచి, ఎక్కడికి, సరుకు పేరు, ప్యాకింగ్, ఎన్ని, ఇచ్చినవారి సంతకం, తీసుకున్నవారి సంతకం ఉండాలి. ఎన్ని అన్నది అంకెల్లోనూ, అక్షరాల్లోనూ రాయండి. అక్షరాలు తెలుగులో రాసినా మరాఠీలో రాసినా సరే. అంకెలు మాత్రం 1, 2, 3 పద్ధతిలోనే.

చీటీ తప్పు రాస్తే చింపవద్దు. అడ్డగీత కొట్టి "రద్దు" అని రాసి మూడు కాపీలూ పుస్తకంలోనే ఉంచండి.

అమ్మకానికి ఈ చీటీ వర్తించదు. అమ్మిన సరుకుకి బిల్లు లేకుండా బండి గేటు దాటకూడదు. తెలంగాణ వైపు వెళ్లే బండికి ఈ-వే బిల్లు అవసరమైతే అదీ చేతికి వచ్చాకే బండి తీయండి.

సాయంత్రం 7 గంటలకి పెట్టెలోని చీటీలన్నీ ఎంట్రీ అయిపోవాలి. 7 తర్వాత లారీ వస్తే సరుకు దించండి, లెక్కపెట్టండి, ఆ రాత్రే చీటీ రాయండి. కానీ సరుకుని థప్పీలో కలపకండి, గేటు పక్కన పసుపు గీతల లోపల ఉంచండి. మర్నాడు పొద్దున మొదటి సరుకు కదలక ముందే ఆ చీటీ ఎంట్రీ కావాలి, చీటీ మీది తేదీతోనే.

కరెంటు లేకపోతే చీటీ రాసి పని నడిపించండి. ఎంట్రీ ఆగిందన్న సంగతి, ఆఖరి చీటీ నంబరు నాకు ఫోన్ చేసి చెప్పండి.

పాత తేదీతో ఎంట్రీ వేయాల్సి వస్తే నన్ను అడగండి, నేనే వేస్తాను. మర్చిపోయిన కదలిక గుర్తుకొస్తే అప్పుడే చెప్పండి. చెప్పినందుకు ఎవరికీ జీతంలో కోత ఉండదు. గుర్తొచ్చి కూడా ఇవాళ్టి తేదీతో వేసేస్తే మాత్రం లెక్క రెండుసార్లు తప్పుతుంది, దాన్ని వెతకడానికి చాలా పని అవుతుంది.

ఈ మెయిల్ తెలుగు, మరాఠీ కాపీలు గేటు దగ్గరా ఎంట్రీ బల్ల దగ్గరా అంటిస్తున్నాం. మెయిల్ చూడనివాళ్లకి ముకద్దం గారు శనివారం కూలి చెల్లించేటప్పుడు చదివి వినిపిస్తారు.

గోదాము మేనేజరు

మెయిల్ వెళ్లాక వచ్చిన ప్రశ్నలు

హమాలీల పెద్ద ముకద్దం అడిగిన ప్రశ్న అన్నింటికన్నా గట్టిది: "చీటీ రాసేది ఎవరు? సరుకు ఎత్తేవాళ్లకి పెన్ను పట్టుకునే తీరిక ఉండదు కదా." మెయిల్‌లో "చీటీ రాయండి" అని ఉంది, మనిషి పేరు లేదు. అందరిదీ అయిన పని ఎవరిదీ కాదు. అందుకని పంపే చోటు నుంచి రాయాలని ఖాయం చేశాం. గోదాము నుంచి కౌంటర్‌కి పోతే గోదాము గుమస్తా రాస్తాడు, కౌంటర్ నుంచి వాపసు వస్తే కౌంటర్ మనిషి రాస్తాడు. బయటి నుంచి వచ్చే సరుకుకి గేటు మనిషి రాస్తాడు, ఎందుకంటే పంపినవాడు మన మనిషి కాడు. తీసుకునేవాడు లెక్కపెట్టి సంతకం పెట్టడం మాత్రమే. రాసేవాడే లెక్కపెట్టి, వాడే సంతకం పెడితే చీటీకి విలువ ఉండదు.

రెండో ప్రశ్న ఖాతాలు చూసే మునీమ్ గారిది. బిల్లుతో వచ్చిన దిగుమతికి కూడా చీటీ ఎందుకు, బిల్లే ఉంది కదా అని. బిల్లులో ఉన్నది పంపినవాడి లెక్క. చీటీలో ఉన్నది మన గేటు దగ్గర దిగిన లెక్క. బిల్లులో 100 ఉండి 98 దిగితే, చీటీ మీద 98 రాయాలి, బిల్లు నంబరు పక్కన వేయాలి. 100 రాసి తర్వాత మాట్లాడుకుందాం అనుకుంటే ఆ రెండు డబ్బాలు మన గోదాములో పోయినట్టు లెక్క తేలుతుంది.

మొదటి వారం: చీటీలు ఏం చెప్పాయి

చీటీలు రావడం మొదలయ్యాక మొదట బయటపడ్డది ప్యాకింగ్ గడి. చాలా చీటీల్లో "పెద్ద డబ్బా" అని రాసి ఉంది. గోదాములో పెద్ద డబ్బాలు రెండు రకాలు, ఒకటి 15 కిలోలది, ఇంకొకటి 15 లీటర్లది. రేకు డబ్బా ఆకారం దాదాపు ఒకటే, మూత రంగు కూడా ఒక్కోసారి ఒకటే. నూనె లీటరు బరువు సుమారు 910 గ్రాములు, కాబట్టి 15 లీటర్ల డబ్బాలో నూనె 13.65 కిలోలే ఉంటుంది. రెండింటికీ 1.35 కిలోల తేడా, ధరలోనూ అంత తేడా. చీటీలో "పెద్ద డబ్బా 12" అని చూసి ఎంట్రీ చేసేవాళ్లు ఎక్కువ అమ్ముడయ్యేదాన్ని ఎంచుకుంటారు. అప్పుడు ఒక సరుకులో 12 తక్కువ, ఇంకోదానిలో 12 ఎక్కువ. రెండూ ఒకే అంకె, ఒకటి తక్కువ ఒకటి ఎక్కువగా కనిపిస్తే దొంగతనం కన్నా ముందు ప్యాకింగ్ తారుమారైందేమో చూడాలి.

దీనికి మందు చీటీలో లేదు, డబ్బా మీదే ఉంది. రెండు రకాలకీ థప్పీలు వేరు చేసి, గోడ మీద "నూనె 15 కిలో", "నూనె 15 లీటర్" అని పెద్ద అక్షరాలతో రాయించాం. టాలీలో కూడా పేర్లు అవే పెట్టాం. గోడ మీది పేరు, చీటీ మీది పేరు, స్క్రీన్ మీది పేరు అచ్చం ఒకటే ఉండాలి. అనుమానమొస్తే డబ్బాని కాంటా మీద పెట్టి చూస్తే తేలిపోతుంది, బరువు తేడా దాచుకునేంత చిన్నది కాదు.

రెండోది అంకెలు. మరాఠీ బడిలో చదివినవాళ్ల చేతిరాతలో మరాఠీ ఒకటి చూడటానికి 9 లాగే ఉంటుంది. 11 డబ్బాల చీటీ 99గా ఎంట్రీ అయ్యేటట్టుంది. మెయిల్‌లో అంకెలు 1, 2, 3 పద్ధతిలోనే అని రాసినా, చెయ్యికి అలవాటైనది ఒక్క రోజులో పోదు. ఇక్కడ పనికొచ్చింది అక్షరాల్లో కూడా రాయాలన్న మాట. "అక్రా" అనో "పదకొండు" అనో పక్కన ఉంటే 99 అని ఎవరూ చదవరు. అక్షరాల గడి ఖాళీగా ఉన్న చీటీని ఎంట్రీ బల్ల దగ్గర తీసుకోకుండా వెనక్కి పంపడం మొదలుపెట్టాకే ఆ గడి నిండటం మొదలైంది.

చీటీ పోయిందని తెలిసేది ఎలా

రాయని చీటీ ఎవరికీ కనిపించదు. రాసి పోగొట్టుకున్న చీటీని మాత్రం పట్టుకోవచ్చు, నంబరు అచ్చు వేయించింది అందుకే. సాయంత్రం ఎంట్రీ అయిన చీటీ నంబర్లని ఒక షీట్‌లో మొదటి నిలువు వరసలో వేస్తున్నాం, ఒక్కో పుస్తకానికి ఒక్కో షీట్. దాని పక్క నిలువు వరసలో ఈ ఒక్క సూత్రం:

```
=MAX(A:A)-MIN(A:A)+1-COUNT(A:A)
```

పెద్ద నంబరులోంచి చిన్న నంబరు తీసి ఒకటి కలిపితే ఎన్ని చీటీలు ఉండాలో వస్తుంది, అందులోంచి నిజంగా ఉన్నవి తీసేస్తే తగ్గిన చీటీల లెక్క. సున్నా రావాలి. రద్దు చేసిన చీటీ నంబరు కూడా షీట్‌లో వేయాలి, లేకపోతే అది పోయినట్టు చూపిస్తుంది.

ఈ సూత్రానికి ఒక లోపం ఉంది. ఒక చీటీ పోయి, ఇంకో చీటీ రెండుసార్లు ఎక్కితే లెక్క మళ్లీ సున్నాయే వస్తుంది. అందుకే వరసలో రెండుసార్లు వచ్చిన నంబర్లు రంగు మారేట్టు పెట్టుకోవాలి. ఇంకోటి, పుస్తకంలో ఆఖరున రాసిన చీటీ పోతే సూత్రానికి తెలియదు, పెద్ద నంబరే తగ్గిపోతుంది కాబట్టి. దాని కోసం సాయంత్రం పసుపు కాపీల్లో ఆఖరి నంబరు ఎంతో పుస్తకం తెరిచి చూసి, షీట్‌లోని పెద్ద నంబరుతో పోల్చుతున్నాం. ఒక్క చూపుతో అయ్యే పని ఇది. దీన్ని వదిలేస్తే పైదంతా గుడ్డిదవుతుంది.

రెండో వారం: వాపసు, డ్యామేజ్

వాపసు వచ్చే సరుకు రాత్రి పూట వస్తుంది. ఆర్డర్లు ఇచ్చి తిరిగొచ్చే బండి డ్రైవరు రెండు మూడు డబ్బాలు దించి "దుకాణదారు వద్దన్నాడు" అని వెళ్లిపోతాడు. ఇవి థప్పీలో కలిసిపోతే మర్నాడు నేల మీద లెక్క ఎక్కువ వస్తుంది, ఎవరికీ కారణం తెలియదు. మెయిల్‌లో చెప్పిన వాపసు గీత దీని కోసమే. గీత లోపల ఉన్న సరుకు ఇంకా నిల్వ కాదు. ఏ బిల్లు మీద వెళ్లిందో, ఎందుకు తిరిగొచ్చిందో చీటీ మీద పడ్డాక, డబ్బా మంచిదో కాదో చూశాక, అప్పుడు గీత దాటాలి. మంచిదైతే థప్పీకి, లేకపోతే డ్యామేజ్ మూలకి. రెండిట్లో ఎటు వెళ్లినా ఇంకో చీటీ.

కారే డబ్బా విషయంలో గుమస్తాలు మొదట్లో ఒప్పుకోలేదు. ఒక్క డబ్బా మూలకి జరిపితే చీటీ ఎందుకు అన్నారు. ఎందుకంటే అది మంచి నిల్వలో లెక్కగా ఉన్నంతకాలం అమ్మకానికి ఉన్నట్టే స్క్రీన్ చూపిస్తుంది. పైగా పాడైన, పోయిన, నమూనాగా ఇచ్చిన సరుకు లెక్క కూడా ఖాతాల్లో ఉండాలని జీఎస్టీ నియమాల్లో 56వది చెప్తుంది. పాడై రద్దు చేసిన సరుకు మీద కొన్నప్పుడు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ని సీజీఎస్టీ చట్టం 17(5)(h) కింద వెనక్కి కట్టాలి. ఏ నెలలో ఎన్ని డబ్బాలు రద్దయ్యాయో తేదీతో చీటీ ఉంటే ఆడిటర్ దగ్గర ఆ పని తేలిగ్గా అవుతుంది. చీటీలో "ఎందుకు" అన్న గడి లేదు, దాని బదులు వెనక వైపు రాయిస్తున్నాం: కుట్టు ఊడి కారింది, ఎత్తేటప్పుడు పడింది, దిగినప్పుడే సొట్ట. దిగినప్పుడే సొట్ట అని ఆ రోజే రాస్తే పంపినవాడి దగ్గర అడగొచ్చు. వారం తర్వాత రాస్తే వాడు ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

తేదీ మార్చే తాళం

టాలీలో ఎంట్రీ చేసే మనుషులకి పాత తేదీ వోచర్లు వేసే అవకాశాన్ని వాళ్ల యూజర్ సెట్టింగుల్లోనే తగ్గించి పెట్టొచ్చు. మేనేజరు యూజర్‌కి మాత్రం వదిలాం. ఇది అపనమ్మకంతో పెట్టిన తాళం కాదని ఎంట్రీ చేసేవాళ్లకి ముందే కూర్చోబెట్టి చెప్పడం అవసరమైంది. పాత తేదీ ఎంట్రీ తప్పు కాదు, 24 డబ్బాల ఉదాహరణలో సరైన మందు అదే. కానీ మధ్యలో `Physical Stock` వోచర్ ఉందో లేదో చూసుకుని వేయాలి. లెక్కపెట్టిన రోజుకి ముందు జరిగిన కదలిక ముందు తేదీతోనే పడాలి. ఆ రోజే జరిగితే లెక్కకి ముందో తర్వాతో చీటీ మీది టైము చూసి తేల్చాలి. ఈ రెండో రకం గొడవ రాకుండా లెక్కపెట్టడం గేటు తెరవక ముందే ముగిస్తున్నాం.

కంపెనీగా నమోదైన సంస్థలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో జాడ ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సొంత వ్యాపారానికి అది తప్పనిసరి కాకపోయినా, మార్పు జాడ చూపించే ఎడిట్ లాగ్ ఆన్ చేసి పెట్టుకోవడమే మంచిది. తేదీ మార్చిన ప్రతి వోచర్ వివరం గడిలో చీటీ నంబరు రాస్తున్నాం.

ఇప్పుడు రోజూ సాయంత్రం జరిగేది

7 గంటలకి ఎంట్రీ అయ్యాక మేనేజరు మూడు సరుకులు ఎంచుకుంటాడు. ఒకటి ఆ రోజు ఎక్కువ కదిలింది, ఒకటి అసలు కదలనిది, ఒకటి కౌంటర్‌లోది. మూడింటినీ నేల మీద లెక్కపెట్టి స్క్రీన్‌తో పోలుస్తారు. తేడా వస్తే అప్పటికప్పుడు `Physical Stock` వోచర్ వేయరు. ముందు ఆ రోజు, నిన్నటి చీటీలు తిరగేస్తారు, తర్వాత అదే అంకె ఇంకో సరుకులో ఎదురు తేడాగా ఉందేమో చూస్తారు, తర్వాత వాపసు గీత లోపలా పసుపు గీతల లోపలా చూస్తారు. ఈ మూడింటిలోనూ దొరకకపోతేనే తేడాని తేడాగా రాస్తారు. కదలని సరుకులో తేడా వస్తే దాన్ని ఎక్కువ పట్టించుకోవాలి, ఎందుకంటే దానికి చీటీ ఆలస్యం అన్న సాకు ఉండదు.

ఇంకా తేలనిది ఒకటి ఉంది. చక్కెర 50 కిలోల బస్తా విప్పి కిలో ప్యాకెట్లు కట్టే పని. పది బస్తాలు విప్పితే 500 ప్యాకెట్లు సరిగ్గా రావు, తూకంలో, నేల మీద, సంచి మూలల్లో కొంత పోతుంది. ప్యాకింగ్ రెండు రోజులు సాగితే మొదటి రోజు సాయంత్రానికి బస్తాలు విప్పేసి ఉంటాయి, ప్యాకెట్లు సగమే ఉంటాయి, మిగతాది తొట్టిలో వదులుగా ఉంటుంది. ప్రస్తుతానికి పెట్టుకున్న పద్ధతి ఇది: ఆ రోజు ముగించగలిగినన్ని బస్తాలే విప్పాలి, సాయంత్రం తొట్టిలో మిగిలింది కాంటా వేసి "చక్కెర, వదులు" అన్న పేరు కింద కిలోల్లో ఎంట్రీ చేయాలి, తూకంలో పోయినది విడిగా చూపించాలి. ఖాళీ బారదాన కూడా అదే చీటీ మీద లెక్కకి రావాలి, పది బస్తాలు విప్పితే పది సంచులు. ఈ చీటీ నమూనా అచ్చుకి ఇచ్చాం, వచ్చాక దాని సంగతి ఇక్కడ రాస్తాం.